సింగిల్ ఎందుకు, టైప్ ఏమిటి: చాట్‌లో వచ్చే రెండు ప్రశ్నలు

పెళ్ళి సంబంధం కోసం నంబర్లు ఇచ్చిపుచ్చుకున్న ఇద్దరి మధ్య వాట్సాప్‌లో మాటలు మొదలయ్యాక, రెండో రోజో మూడో రోజో రెండు ప్రశ్నలు వచ్చి తీరతాయి. "మీకెలాంటివాళ్ళు ఇష్టం, మీ టైప్ ఏంటి?" అన్నది ఒకటి. "ఇన్నాళ్ళూ సింగిల్‌గా ఎందుకున్నారు?" అన్నది రెండోది. డేటింగ్ యాప్‌లో అయితే అంత ఆగడం కూడా ఉండదు, మొదటి గంటలోనే వచ్చేస్తాయి. మ్యాట్రిమోనీ ద్వారా కలిసినవాళ్ళు కాస్త మర్యాద చుట్టి, "ఇంతకుముందు సంబంధాలేమీ చూడలేదా అండీ?" అని అడుగుతారు. అడిగే తీరు మారుతుంది గానీ తెలుసుకోవాలనుకునేది మారదు.

ఈ రెండు ప్రశ్నల వెనకా పైకి అడగని ప్రశ్న ఒకటి ఉంటుంది. టైప్ ఏమిటని అడిగేవారికి అవతలివారి అభిరుచుల జాబితాతో పెద్దగా పని లేదు. ఆ లెక్కలో తమకు చోటుందా లేదా అన్నదే వారికి కావాలి. సింగిల్ ఎందుకని అడిగేవారికి గత పదేళ్ళ చరిత్ర అక్కర్లేదు. మనసులో ఇంకెవరైనా ఉన్నారా, ఇంట్లోవాళ్ళ బలవంతం మీద చాట్ చేస్తున్నారా, ఇప్పుడు నిజంగా పెళ్ళికి సిద్ధంగా ఉన్నారా, ఈ మూడింటిలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. పైకి వినిపించిన ప్రశ్నకు జవాబు రాసుకుంటూ పోతే పేరాలు పేరాలు అవుతుంది. లోపలి ప్రశ్నకు రెండు మూడు వాక్యాలు సరిపోతాయి.

అయినా ఈ ప్రశ్న చూడగానే చాలామందికి ఒళ్ళు మండుతుంది. అందులో వారి తప్పేమీ లేదు, ప్రశ్న నిర్మాణమే అలాంటిది. గలీనా బోల్డెన్, జెఫ్రీ రాబిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషులో జనం మామూలుగా మాట్లాడుకునే మాటల రికార్డింగులు విని, కారణం అడిగే ప్రశ్నల మీద 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. "ఎందుకు" అని అడగడంలో చాలాసార్లు సమాచారం కోరడం ఒక్కటే ఉండదని, జరిగినది సబబుగా లేదన్న భావం కూడా అందులో కలిసి వెళ్తుందని వారు చూపించారు. మన ఇళ్ళలో విన్నా ఇదే తెలుస్తుంది. ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. వేళకు వచ్చినవాణ్ణి ఎందుకు వేళకు వచ్చావని ఎవరూ అడగరు. పెళ్ళయినవారిని ఎందుకు చేసుకున్నారని నిలదీసినవారూ లేరు. ఒంటరిగా ఉన్నవారి పట్ల సమాజంలో ఉండే ఈ చిన్నచూపు మీద అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెల్లా డిపాలో 2006లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. కాబట్టి ప్రశ్న చదవగానే సంజాయిషీ ఇచ్చుకోవాలనిపించడం సహజం. ఆ సంజాయిషీని పంపడమే అనవసరం.

దీనికి తోడు చాట్‌లో గొంతు వినిపించదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మరో ఇద్దరితో కలిసి చేసిన ప్రయోగాల ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కొందరు విద్యార్థులు మామూలు వాక్యాలూ వెటకారపు వాక్యాలూ పంపారు. అందుకున్నవారు ఏది వెటకారమో ఏది కాదో చెప్పాలి. పంపినవారు, ఈమెయిల్లో పంపినా గొంతుతో చెప్పినా, నూటికి 78 వాక్యాలు సరిగ్గానే అర్థమవుతాయని అంచనా వేశారు. గొంతు విన్నవారు 73 దాకా సరిగ్గా చెప్పగలిగారు. ఈమెయిల్ చదివినవారు చెప్పగలిగింది 56 మాత్రమే. నాణెం ఎగరేసి చెప్పినా 50 వస్తాయి. చాట్‌లో "ఇంకా సింగిలా?" అన్న మెసేజ్ చూసి అది ఎత్తిపొడుపేనని తేల్చేసేవారి పరిస్థితీ దాదాపు అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. దీర్ఘాలు ఎగిరిపోతాయి, "అండీ" ఎగిరిపోతుంది, మర్యాదగా అడిగినదీ మొరటుగా కనిపిస్తుంది. అందుకని మొదటిసారి వచ్చినప్పుడు ఈ ప్రశ్నను మామూలు ప్రశ్నగానే తీసుకోవడం మేలు. అది పెద్దమనసు అని కాదు, అంతకంటే ఎక్కువ చెప్పడానికి చేతిలో ఆధారం ఉండదు గనక.

తడబాటు పడిన జవాబును కంటితో చూసి గుర్తుపట్టవచ్చు. ముందు దాని పొడుగు. అడిగింది ఒక వాక్యమైతే జవాబు ఫోన్ స్క్రీన్ నిండా ఉంటుంది. తరవాత కారణాల సంఖ్య. ఒక కారణం చెబితే జవాబులా ఉంటుంది, నాలుగు చెబితే కేసు వాదిస్తున్నట్టు ఉంటుంది. చదివేవారు సహజంగానే ఆ నాలుగింటిలో అసలుది ఏదో వెతకడం మొదలుపెడతారు. చివర్లో "నాకేం తొందర లేదు", "నేను హ్యాపీగానే ఉన్నా" లాంటి వాక్యం ఒకటి చేరుతుంది. ఎవరూ కాదనని సంగతిని ఖండించడమే అది. ఆపైన ప్రశ్నను అలాగే తిప్పికొట్టడం.

దీన్ని ఒక ఉదాహరణలో పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పాత్రలు కల్పితమే, కానీ ఇలాంటి సంభాషణలు తెలుగు ఇళ్ళలో కొల్లలు. ఆమెకు 31 ఏళ్ళు, ఊరు గుంటూరు. సీఏ చదివి హైదరాబాద్‌లో ఒక ఆడిట్ సంస్థలో పని చేస్తోంది. అతనికి 33 ఏళ్ళు, ఊరు హనుమకొండ, ఉద్యోగం బెంగళూరులో. మ్యాట్రిమోనీలో ప్రొఫైళ్ళు పెద్దవాళ్ళు చూసుకున్నారు, జాతకాలు కలిశాయి, ఇద్దరినీ మాట్లాడుకోమన్నారు. మూడో రోజు రాత్రి అతని నుంచి మెసేజ్ వచ్చింది. "ఒకటి అడగొచ్చా? మీరు ఇంత బాగా సెటిలయ్యారు కదా, ఇన్నాళ్ళూ ఎందుకు చేసుకోలేదు?"

ఆమె జీవితంలో జరిగినవి ఇవి. సీఏ ఫైనల్ 26వ ఏట పూర్తయింది. మరుసటి ఏడు తండ్రికి బైపాస్ ఆపరేషన్ జరిగింది, ఆ తరవాత రెండేళ్ళ పాటు ఇంటి వ్యవహారాలన్నీ ఆమే చూసుకుంది. ఆపైన ఒక సంబంధం తాంబూలాల దాకా వెళ్ళి లాంఛనాల దగ్గర ఆగిపోయింది. అప్పటినుంచీ మధ్యమధ్య చూస్తూనే ఉన్నారు. చేతికి మొదట వచ్చిన జవాబు ఇలా ఉంది.

"అలా ఏం లేదండీ. సీఏ అంటే ఎంత టైం పడుతుందో మీకు తెలీదేమో. తరవాత నాన్నగారికి బైపాస్ అయింది, రెండేళ్ళు అన్నీ నేనే చూసుకున్నా. మధ్యలో ఒక సంబంధం అనుకున్నాం కానీ వాళ్ళు లాంఛనాల దగ్గర పేచీ పెట్టారు, మావాళ్ళే వద్దన్నారు. నాకైతే ఏం తొందర లేదు. అయినా మీకూ 33 కదా, మీరెందుకు చేసుకోలేదు?"

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, అయినా పంపదగిన మెసేజ్ కాదు. "అలా ఏం లేదండీ" అన్నది అతను వేయని నిందకు జవాబు. సీఏ గురించిన వాక్యం అతని అజ్ఞానాన్ని ఎత్తి చూపుతోంది. "మావాళ్ళే వద్దన్నారు" అనడంలో, తప్పిపోయిన సంబంధంలో పైచేయి ఎవరిదో చెప్పాలన్న తొందర కనిపిస్తోంది. ఎవరు వద్దన్నారని అతను అడగలేదు. చివరి వాక్యం ప్రశ్నలా ఉన్నా నిజానికి దెబ్బకు దెబ్బ. వయసు అంకె కూడా చేర్చడంతో ఆ సంగతి దాగలేదు. ఇది చదివాక అతను తన ప్రశ్నకు క్షమాపణ చెప్పుకోవాలి, లేదా తన కథ అంతే పొడుగ్గా విప్పాలి. రెండు దారుల్లోనూ ఆ రాత్రికి సంభాషణ ముగిసినట్టే.

ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు దారి పడతారు, నవ్వుతో దాటేస్తారు. "నన్ను భరించేవాడు దొరకలేదండీ" అని రాసి ఒక నవ్వుబొమ్మ పెడతారు. స్నేహితుల మధ్య ఇది చెల్లుతుంది. మూడు రోజుల పరిచయంలో అవతలివారికి ఇరకాటమే. "అయ్యో, మీకేం తక్కువ" అని పొగడాలి, లేకపోతే నమ్మాలి. పొగిడితే అది అడిగి తెచ్చుకున్న పొగడ్త అవుతుంది. "మీకోసమే ఆగా" అన్న సినిమా డైలాగూ ఇంతే. ఒకసారి నవ్వు వస్తుంది, ప్రశ్న మాత్రం అక్కడే ఉంటుంది, నాలుగు రోజులు పోయాక మళ్ళీ వస్తుంది. హాస్యం కావాలంటే అసలు జవాబు చెప్పాక పక్కన చేర్చుకోవచ్చు. జవాబు బదులు పెట్టకూడదు.

ఆమె పంపదగిన మెసేజ్ ఇంత ఉంటుంది. "సీఏ అయ్యాక నాన్నగారికి ఆపరేషన్ అయింది, ఒక రెండేళ్ళు పెళ్ళి గురించి ఆలోచించలేదండీ. ఇప్పుడు ఆయన బాగున్నారు, నేనూ సీరియస్‌గానే చూస్తున్నా. మీరు ఎప్పటినుంచి చూస్తున్నారు?"

కారణం ఒక్కటే చెప్పింది. అది పూర్తి చరిత్ర కాదు, కానీ నిజం, పైగా అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకున్నది అదే. ఎవరినీ తప్పుపట్టలేదు, తనను తాను తగ్గించుకోలేదు. రెండో వాక్యం వర్తమానంలోకి వచ్చింది, ఈ జవాబుకు ప్రాణం అదే. అతని లోపలి ప్రశ్న, అంటే ఇప్పుడు సిద్ధమా కాదా అన్నది, అక్కడ తీరిపోయింది. మూడో వాక్యం ప్రశ్నను తిరిగి ఇచ్చింది గానీ అదే ప్రశ్నను కాదు. "మీరెందుకు చేసుకోలేదు" అంటే కారణం చూపాలి, "ఎప్పటినుంచి చూస్తున్నారు" అంటే సంగతి చెబితే చాలు. కారణం అడగాల్సిన చోట కాలమో క్రమమో అడిగితే చాలావరకు ముల్లు పోతుంది. ఇది అడిగేవారికీ పనికొచ్చే కిటుకే. "ఎందుకు చేసుకోలేదు" అనే బదులు "ఎప్పుడు చూడటం మొదలుపెట్టారు" అని మొదట అతనే అడిగి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

తప్పిపోయిన సంబంధం మాట ఎత్తకపోవడం దాచడం కాదా అన్న సందేహం రావచ్చు. ఇక్కడ గీత కాస్త జాగ్రత్తగా గీయాలి. మూడో రోజు చాట్‌లో చెప్పకపోవడం దాచడం కాదు. రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకునేలోపు చెప్పకపోతే మాత్రం దాచినట్టే, ఎందుకంటే మన దగ్గర తాంబూలాల దాకా వెళ్ళిన సంగతి ఏదో ఒక బంధువు నోట తెలియక మానదు. అది ఫోన్లో, గొంతు వినిపించే చోట, ఒక్క ముక్కలో చెప్పడం మంచిది. "రెండేళ్ళ కిందట ఒకటి తాంబూలాల దాకా వచ్చి ఆగిందండీ, లాంఛనాల దగ్గర మాట కుదరలేదు" అంటే చాలు. "ఇంతకుముందు ఏదైనా కుదిరి ఆగిందా?" అని అతను చాట్‌లోనే సూటిగా అడిగితే అప్పుడు వాయిదా వేయకూడదు. అవునని చెప్పి, వివరం ఫోన్లో మాట్లాడదామనవచ్చు.

మొదటి పెళ్ళి, విడాకులు, కోర్టులో నడుస్తున్న కేసు, పిల్లలు, ఇవి వేరే కోవకు చెందినవి. వీటికి నేర్పుగా జవాబు చెప్పడమనే ప్రసక్తే లేదు, సూటిగా చెప్పాల్సిందే. హిందూ వివాహ చట్టం 1955లోని 12వ సెక్షన్ ప్రకారం, తమకు సంబంధించిన ముఖ్యమైన విషయాన్ని దాచి, మోసంతో సమ్మతి పొందితే ఆ పెళ్ళిని రద్దు చేయమని కోర్టును అడిగే హక్కు మోసపోయినవారికి ఉంది. ప్రొఫైల్లో వైవాహిక స్థితి గడి కూడా ఉంటుంది. విడాకులైనవారికి "సింగిల్ ఎందుకు" అన్న ప్రశ్న వస్తే జవాబు ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలవ్వాలి. "నాకు ముందు పెళ్ళయిందండీ, విడాకులు వచ్చి మూడేళ్ళయింది. ప్రొఫైల్లో ఉంది, చూశారో లేదో అని చెప్తున్నా." ఎవరి తప్పన్నది ఆ పూట అవసరం లేదు. మాజీ భర్తనో భార్యనో తిట్టిన ప్రతి వాక్యమూ చదివేవారికి, రేపు తమ గురించి కూడా ఇలాగే చెబుతారేమో అన్న అనుమానం మిగులుస్తుంది.

చెప్పుకోదగ్గ కారణమే లేనివారు ఎక్కువ ఇబ్బంది పడతారు. చదువు ఆలస్యం కాలేదు, ఇంట్లో జబ్బులు లేవు, ప్రేమ వ్యవహారం లేదు, ఊరికే కుదరలేదు. వీరు కారణం కల్పించడానికి చూస్తారు, "కెరీర్ మీద ఫోకస్ పెట్టా" అన్న అరిగిపోయిన మాట అక్కడే పుడుతుంది. "కారణమంటూ ఏమీ లేదండీ, కొన్ని చూశాం, కుదరలేదు" అన్నది సంపూర్ణమైన జవాబు. దానికి ఇంకేమీ తగిలించకుండా వదిలేయడానికి కొంచెం ధైర్యం కావాలి, అంతే.

టైప్ ఏమిటన్న ప్రశ్నలో ముల్లు తక్కువ, ఉచ్చు ఎక్కువ. ఏం చెప్పినా అది అవతలివారి కొలత అయిపోతుంది. పొడుగ్గా ఉండాలంటే తమ ఎత్తు చూసుకుంటారు, బాగా మాట్లాడాలంటే తమ మెసేజ్‌లు మళ్ళీ చదువుకుంటారు. అంతకంటే విచిత్రం, ఆ జాబితా చెప్పేవారికే సరిగ్గా తెలియదు. పాల్ ఈస్ట్‌విక్, ఎలై ఫింకెల్ అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులను స్పీడ్ డేటింగ్‌కు పిలిచి, ఒక్కొక్కరితో నాలుగేసి నిమిషాలు మాట్లాడించారు. తమకు ఎలాంటివారు కావాలో వారితో ముందే రాయించుకున్నారు. రాసినప్పుడు అబ్బాయిలు అందానికీ అమ్మాయిలు సంపాదనకూ ఎక్కువ మార్కులు వేశారు. ఎదురెదురుగా కూర్చున్నాక ఆ తేడా కనిపించలేదు. ఒక్కొక్కరి విషయంలో చూసినా, ముందు రాసిన ఇష్టాలను బట్టి ఎవరు ఎవరిని మెచ్చుతారో ఊహించలేకపోయారు. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. తరవాతి కాలంలో 43 దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనంలో, చెప్పుకున్న ఇష్టాలకూ నచ్చిన మనుషులకూ కొంత పొంతన ఉందని తేలింది. కాబట్టి జాబితా పూర్తిగా వట్టిదని కొట్టిపారేయలేం గానీ, దాని మీద పెట్టే నమ్మకం మాత్రం దాని బలానికి మించినది.

దీని పక్కన పెట్టి చూడవలసిన అధ్యయనం ఇంకొకటి ఉంది. యూబిన్ పార్క్, జెఫ్ మెక్‌డొనాల్డ్ అనే టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు జర్మనీలో ఏళ్ళ తరబడి సాగిన ఒక కుటుంబ సర్వే నుంచి 332 మంది వివరాలు తీసుకున్నారు. వీరి పాత భాగస్వాములూ కొత్త భాగస్వాములూ తమ స్వభావం గురించి తామే ఇచ్చిన సమాధానాలను పోల్చి చూశారు. పాతవారికీ కొత్తవారికీ మధ్య కొంత పోలిక ఉన్నట్టు తేలింది. 2019లో ప్రచురించిన ఆ ఫలితం ప్రకారం టైప్ అనేది కొంతవరకు నిజంగానే ఉంది. అయితే అది బయటపడింది ఎవరో రాసిన విశేషణాల్లో కాదు, వారు వాస్తవంగా ఎవరితో గడిపారన్న దానిలో. జవాబు చెప్పేవారికి ఇందులో మంచి ఆధారం దొరుకుతుంది. ఎలాంటివారు కావాలని ఊహించుకునే బదులు, ఎలాంటివారి దగ్గర తాము కుదురుగా ఉన్నారో గుర్తు చేసుకోవాలి. గత ప్రేమలే అక్కర్లేదు. హాస్టల్లో రూమ్మేట్, ఆఫీసులో పక్క సీటువారు, ఇంట్లో తోబుట్టువు, ఎవరైనా పనికొస్తారు.

పై ఉదాహరణలోనే, మర్నాడు ఆమె అతన్ని అడిగింది. "మీకెలాంటి అమ్మాయి కావాలని అనుకుంటున్నారు?" అతని ప్రొఫైల్లో రాసి ఉన్నది అందరి ప్రొఫైళ్ళలోనూ ఉండేదే. సింపుల్‌గా ఉండాలి, ఫ్యామిలీ వాల్యూస్ ఉండాలి, అండర్‌స్టాండింగ్ ఉండాలి, ఇండిపెండెంట్‌గా ఉండాలి. దాన్నే మళ్ళీ టైపు చేసి ఉంటే ఆమెకు కొత్తగా తెలిసేదేమీ ఉండేది కాదు. ఆ నాలుగూ తనలో లేవని ఏ మనిషీ అనుకోడు. "స్పెసిఫిక్‌గా ఏం లేదండీ, మంచి అమ్మాయి అయితే చాలు" అన్నదీ అలాంటిదే. వినయంగా కనిపిస్తుంది గానీ, ఎవరైనా ఒకటే అన్నట్టు వినిపిస్తుంది. ఆమె ప్రొఫైల్ తెరిచి చూసి, చదువుకున్న అమ్మాయి, ఉద్యోగం చేసే అమ్మాయి, పుస్తకాలు చదివే అమ్మాయి అని ఆమెనే వర్ణిస్తే మొదటి వాక్యంలోనే దొరికిపోతాడు. రంగు, ఒళ్ళు, ఎత్తు వైపు వెళ్ళడం అన్నిటికంటే చెరుపు. నచ్చే రూపం ఎవరికైనా ఉంటుంది, ఫోటోలు ఇద్దరూ చూసుకునే మాటల దాకా వచ్చారు, ఇంక దాన్ని అక్షరాల్లో పెట్టి సాధించేది లేదు.

అతను పంపిన జవాబు ఇది. "కోపం వస్తే మాట్లాడటం మానేయకుండా ఎందుకొచ్చిందో చెప్పేసేవాళ్ళతో నాకు సులువుగా ఉంటుందండీ. ఇంట్లో మా అక్కా నేనూ అలాగే పోట్లాడుకుంటూ పెరిగాం. ఒకటి మాత్రం ముందే చెప్తా, అమ్మ నా దగ్గరే ఉంటుంది, పెళ్ళయ్యాకా అంతే. మీకు కోపం వస్తే ఏం చేస్తారు?"

ఇందులో విశేషణం ఒక్కటీ లేదు, ఒక నడవడి ఉంది. అక్క ప్రస్తావనతో ఆ నడవడికి ఆధారం వచ్చింది, గాలిలో చెప్పిన మాట కాకుండా పోయింది. తరవాతి వాక్యంలో ఉన్నది ఇష్టం కాదు, షరతు. ఇష్టాలనూ షరతులనూ కలిపి టైప్ అనేయడం వల్లే ఈ ప్రశ్న దగ్గర చాలా గందరగోళం పుడుతుంది. తల్లి తనతోనే ఉండటం, ఊరు మారలేకపోవడం, మాంసాహారం, పిల్లలు వద్దనుకోవడం, ఉద్యోగం మానకూడదనుకోవడం, ఇవి అభిరుచులు కావు. వీటి దగ్గర సర్దుబాటు లేనప్పుడు మెత్తగా చుట్టి చెప్పడం అవతలివారి సమయం తినేయడమే. అతను క్షమించమనలేదు, తల్లి త్యాగాల చరిత్ర చెప్పలేదు. వాతావరణం చెప్పినంత మామూలుగా చెప్పాడు. షరతు ఇలాంటి జవాబులో ఒకటి ఉండవచ్చు, మహా అయితే రెండు. అంతకు మించితే ఎదుటివారికి ఉద్యోగ ప్రకటన చదువుతున్నట్టు ఉంటుంది.

చివరి ప్రశ్న "మీ టైప్ ఏంటి" అని కాకుండా కోపం గురించి అడగడం కూడా గమనించదగ్గదే. ఆమె కూడా విశేషణాలు వెతుక్కోనక్కర్లేదు, జరిగినదేదో చెప్పవచ్చు. "నాకు కోపం వస్తే వంటింట్లో గిన్నెలు తోముతానండీ, అరగంట ఎవరూ పలకరించకూడదు" అని ఆమె రాస్తే ఇద్దరి తీరులో తేడా అక్కడే తెలిసిపోతుంది. ఆ తేడా మీద మాట్లాడుకోవచ్చు. సింపుల్, అండర్‌స్టాండింగ్ అన్న మాటల మీద ఎవరూ ఏమీ మాట్లాడుకోలేరు.

డేటింగ్ యాప్‌లో ఇదే పద్ధతి కొద్ది మార్పుతో పనిచేస్తుంది. అక్కడ వచ్చినవారందరూ పెళ్ళి కోసమే రారు. 2016లో కేంద్ర ప్రభుత్వం మ్యాట్రిమోనీ సైట్లకు ఇచ్చిన మార్గదర్శకాలు, అవి పెళ్ళి కోసమే తప్ప డేటింగ్‌కు కాదని వాడేవారికి స్పష్టంగా చెప్పాలన్నాయి. డేటింగ్ యాప్‌లో అలాంటి హద్దు లేదు కాబట్టి, వచ్చిన ఉద్దేశం జవాబులోనే చెప్పుకోవాలి. "పోయిన ఏడాది ఒక రిలేషన్ ముగిసింది, ఇప్పుడు తొందరపడకుండా పరిచయాలు చేసుకుంటున్నా, ఏడాదిలో పెళ్ళి అనుకోవట్లేదు" అంటే అవతలివారు ఉండాలో వెళ్ళాలో తేల్చుకుంటారు. వెళ్ళిపోతే జవాబు చెడిందని కాదు, అది చేయవలసిన పని చేసిందని.

కుటుంబం వాట్సాప్ గ్రూపులో పిన్నో బాబాయో ఇదే ప్రశ్న వేయడం వేరే సంగతి. అక్కడ అడిగేది ఒకరు, చదివేది నలభై మంది. కారణాలు చెప్పే చోటే కాదు అది. "చూస్తున్నాం పిన్నీ, కుదిరిన రోజు మొదటి ఫోన్ నీకే" అని ఒక్క ముక్క రాసి, పిన్ని మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడిగితే గ్రూపు అటు మళ్ళుతుంది. పిన్నికి నిజంగా దిగులుంటే విడిగా ఫోన్ చేస్తుంది, అప్పుడు విడిగా చెప్పుకోవచ్చు.

మొదటిసారి మామూలు ప్రశ్నగా తీసుకోవాలన్న నియమం ప్రతిసారికీ వర్తించదు. జవాబు చెప్పాక కూడా "అది కాదు, అసలు కారణం చెప్పండి" అని వస్తే ఒకసారి ఓపిక పట్టవచ్చు. "ఉన్నది అదేనండీ" అంటే చాలు, కొత్త కారణం చేర్చకూడదు. చేర్చితే మొదటిది అబద్ధమని తామే ఒప్పుకున్నట్టు అవుతుంది. మూడోసారి వచ్చినా, లేదా "ఈ వయసుదాకా ఉన్నారంటే ఏదో ప్రాబ్లం ఉండే ఉంటుంది", "ఎంతమందితో తిరిగారేంటి" లాంటి మాట పడినా, అది ప్రశ్న కాదు. అక్కడ గొంతు వినిపించకపోయినా అర్థం తెలుస్తూనే ఉంది. "ఈ మాట నాకు నచ్చలేదు, ఇక్కడితో ఆపేద్దామండీ" అని పంపి ఆపేయడమే మర్యాద. వివరణ ఇస్తే వాదన అవుతుంది. మ్యాట్రిమోనీ పరిచయమైతే ఇంట్లోవాళ్ళకు అదే రోజు ఒక మాట చెప్పాలి. లేకపోతే అవతలి ఇంటినుంచి వేరే కథ ముందుగా చేరుతుంది.

జవాబు పంపాక జరిగే పొరపాటు ఒకటుంది, అది రాసిన దానికంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. నీలం టిక్కులు పడ్డాయి, రిప్లై రాలేదు. పది నిమిషాలకు "తప్పుగా అనుకోకండి, నా ఉద్దేశం ఏంటంటే" అని ఇంకో మెసేజ్ వెళ్తుంది. కుదురుగా ఉన్న మొదటి జవాబు దానితో సంజాయిషీగా మారిపోతుంది. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల దాకా దిద్దుకోవచ్చు గానీ, దిద్దినట్టు పక్కన గుర్తు పడుతుంది. తీసేస్తే తీసేసినట్టు ఒక వరుస మిగులుతుంది. అవతలివారు చదివేశాక ఆ గుర్తూ ఆ వరుసా, ఏం మార్చారు, ఏం దాచారు అన్న ఆలోచననే పుట్టిస్తాయి. అక్షర దోషమైతే దిద్దవచ్చు, అర్థం మార్చడానికి దిద్దకూడదు.

రిప్లై ఆలస్యానికి అర్థాలు వెతకడం కూడా వృథా. అవతలివారు డల్లాస్‌లో ఉంటే ఇక్కడి రాత్రి వారికి ఆఫీసు వేళ. బెంగళూరులో ఉన్నా ఏదో మీటింగ్‌లో ఉండవచ్చు. ఒక రోజు గడిచాక పాత జవాబు మాట ఎత్తకుండా వేరే సంగతితో ఒక మెసేజ్ పంపవచ్చు. దానికీ రెండు మూడు రోజులు పలుకు లేకపోతే ఆ పరిచయం అక్కడితో ముగిసిందనుకోవాలి. పెద్దలు కుదిర్చినదైతే ఆ సంగతి ఇంట్లో చెప్పి, వారి ద్వారా అవతలివారి అభిప్రాయం కనుక్కోమనాలి.